గ్రూపు గోడ మీద రాత

(చిల్కూరులో గ్రూపు నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మసీదు గ్రూపులు, బస్తీ గ్రూపులు, సహాయ నిధుల గ్రూపులు నడుపుతూ చిల్కూరు, మొయినాబాద్, చేవెళ్ల నుంచి వచ్చిన మీరు మమ్మల్ని అడిగిన ప్రశ్న దాదాపు ఒక్కటే. గ్రూపులో ఆరు వందల మంది ఉంటారు. అర్ధరాత్రి ఎవరో ఒకరు ఇంకొకరి మీద నింద రాస్తారు. ఆ పరువునష్టానికి పరిహారం చెల్లించవలసిన భారం అడ్మిన్ మీద పడుతుందా?

పోలీసు కేసులు వేరు, సివిల్ దావా వేరు. 2017లో వారణాసి జిల్లా అధికారులు, గ్రూపులో వచ్చే పోస్టులకు అడ్మినే బాధ్యుడంటూ ఉత్తర్వు ఇచ్చారు. 2018లో మధ్యప్రదేశ్‌లోని రాజ్‌గఢ్ జిల్లాలో అసలు అడ్మిన్ గ్రూపు వదిలి వెళ్లడంతో, తనకు తెలియకుండానే అడ్మిన్ అయిన ఒక ముస్లిం యువకుడు సుమారు అయిదు నెలలు జైలులో ఉన్నాడు. మన ఇళ్లలో భయం పుట్టించినవి ఇలాంటి వార్తలే. అయితే ఈ రోజు మనం మాట్లాడుకునేది జైలు గురించి కాదు. నిందకు గురైన మనిషి సివిల్ కోర్టులో వేసే నష్టపరిహారపు దావా గురించి.

ఇలాంటి దావా ఒకటి ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. ఆశిష్ భల్లా వేసిన ఆ దావాలో టెలిగ్రామ్, గూగుల్ గ్రూపుల అడ్మిన్‌ను కూడా ప్రతివాదిగా చేర్చారు. 2016 నవంబరు 29న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా తీర్పు చెబుతూ, సభ్యుని నిందకు అడ్మిన్‌ను బాధ్యుడిని చేయడమంటే, పత్రికలో నింద అచ్చయిందని ఆ కాగితం తయారు చేసినవానిని పట్టుకోవడం లాంటిదేనన్నారు. ఈ పోలిక అందరికీ గుర్తుంది. దాని వెనుక ఉన్న కారణమే చాలామందికి గుర్తులేదు. అడ్మిన్ అనుమతి లేకుండానే సభ్యులు ఆ గ్రూపులో పోస్టు చేయగలరు. ప్రతి మాటనూ ముందుగా చూసి ఆమోదించేది అతడు కాడు. కాబట్టే అతనికి బాధ్యత లేదన్నారు.

ఈ కారణాన్ని మన గ్రూపులకు అన్వయించి చూడండి. గొడవలు తగ్గుతాయని చాలా మసీదు గ్రూపులలో ‘అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరు’ అనే అమరిక పెట్టారు. మంచి ఆలోచనే. కానీ సభ్యుడు విడిగా పంపిన సందేశాన్ని అడ్మిన్ చదివి, తానే గ్రూపులో పెడతాడు. ఇక అతడు కాగితం తయారు చేసినవాడు కాడు, పత్రిక సంపాదకుడు. చట్టం దృష్టిలో నిందను మూడో మనిషికి చేర్చడమే ప్రచురణ. అది మొదట ఎవరు రాసినదైనా, దాన్ని చేరవేసినవాడూ ప్రచురించినవాడే. కింద ‘వచ్చింది వచ్చినట్లు పంపాను’ అని రాసినంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

సభ్యులు స్వేచ్ఛగా రాసే గ్రూపులలో ప్రశ్న వేరు. రాసినప్పుడు అడ్మిన్‌కు తెలియదు. తర్వాత తెలిసింది. తెలిశాక దాన్ని అలాగే ఉంచితే?

మన దేశంలో సివిల్ పరువునష్టానికి ప్రత్యేక శాసనం లేదు. అందుకే మన కోర్టులు ఇంగ్లండు తీర్పులను కూడా చూస్తాయి. 1937లో అక్కడి అప్పీలు కోర్టు ‘బర్న్ వర్సెస్ డీన్’ అనే కేసును తేల్చింది. ఒక గోల్ఫ్ క్లబ్బు గోడ మీద ఎవరో ఒక పద్యం అంటించారు. క్లబ్బులోని జూదపు యంత్రాల గురించి పోలీసులకు చెప్పింది ఫలానా సభ్యుడేనన్నట్లు అందులో ఎత్తిపొడుపు. గోడ క్లబ్బువారి అదుపులో ఉంది, కాగితాన్ని తీసివేయడం తేలిక; చూసి కూడా ఉంచారంటే ప్రచురణలో వారూ పాలుపంచుకున్నట్లేనని న్యాయమూర్తులు భావించారు. చివరికి వాది ఓడిపోయాడు. కారణం మరొకటి: నేరం గురించి పోలీసులకు చెప్పాడనడం పరువు తీసే మాట కాదు.

మసీదు నోటీసు బోర్డును తలచుకోండి. రాత్రి ఎవరో అంటించిన కాగితానికి ముతవల్లీ బాధ్యుడు కాడు. ఫజర్ నమాజుకు వచ్చి చదివి, వారం రోజులు దాన్ని అక్కడే ఉండనిస్తే అప్పుడు మాట మారుతుంది.

ఈ పోలికకు నిన్నటిదాకా ఒక బలమైన సమాధానం ఉండేది. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో క్రిమినల్ కేసులలో అడ్మిన్ల పక్షాన తీర్పు ఇచ్చాయి. సభ్యుని చేర్చడం, తొలగించడం తప్ప అడ్మిన్‌కు పెద్దగా అధికారం లేదనీ, అడ్మిన్‌కు, సభ్యునికి యజమాని–సేవకుల సంబంధం లేదనీ అన్నాయి. ఆ తీర్పుల తర్వాత, 2022లోనే, సభ్యుని సందేశాన్ని అందరి ఫోన్ల నుంచి తొలగించే మీటను వాట్సాప్ అడ్మిన్ చేతికి ఇచ్చింది. అంటే గోడ మీది కాగితాన్ని పీకే చేయి ఇప్పుడు అడ్మిన్‌కు వచ్చింది. ‘నాకు అధికారం లేదు’ అనే జవాబు మునుపటంత గట్టిగా నిలుస్తుందని మేము అనుకోవడం లేదు.

నోటీసు అందిన క్షణం ఎంత ముఖ్యమో చూపే కేసు మన నగరం నుంచే వెళ్లింది. ఆస్బెస్టాస్ రేకులు తయారు చేసే విశాక ఇండస్ట్రీస్ మీద 2008లో ఒక గూగుల్ గ్రూపులో వ్యాసాలు వచ్చాయి. ఆ గ్రూపు సమన్వయకర్తే వాటి రచయితని, తొలగించమని నోటీసు ఇచ్చినా గూగుల్ కదలలేదని కంపెనీ సికింద్రాబాద్ మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లింది. ఇది క్రిమినల్ ఫిర్యాదు. కేసు కొట్టివేయడానికి 2011లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. గూగుల్ ప్రచురణకర్త అవునా కాదా అన్నది విచారణలోనే తేలాలని 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు అన్నది. అంత పెద్ద సంస్థకే కేసు మొదట్లోనే వదలలేదు.

ఇక మనకు ఎదురయ్యేదాన్ని ఊహించి చూద్దాం. ఒక సభ్యుడు రాత్రి పదకొండు గంటలకు, ‘జకాత్ నిధిని కోశాధికారి తినేశాడు’ అని పేరు పెట్టి రాశాడు. అడ్మిన్ నిద్రపోయాడు. ఈ గంటలకు అతని మీద దావా నిలవడం కష్టం. పొద్దున కోశాధికారి ఫోన్ చేసి, ‘భాయీ, అది అబద్ధం, తీసేయండి’ అన్నాడు. గడియారం ఇక్కడ మొదలవుతుంది.

అడ్మిన్ ముందుగా చేయవలసింది తొలగించడం కాదు. రాసినవాని నంబరు, గ్రూపు పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్ షాట్ తీసి దాచాలి. లేకుంటే సాక్ష్యం చెరిపాడనే మాట అతని మీదికే వస్తుంది. ఆ వెంటనే అందరి ఫోన్ల నుంచి తొలగించాలి. తొలగించిన సంగతి కోశాధికారికి రాతపూర్వకంగా తెలపాలి. గ్రూపులో ఒక్క వాక్యం చాలు: ‘ఒక వ్యక్తిపై వచ్చిన ఆరోపణను తొలగించాము; లెక్కలపై ప్రశ్నలుంటే కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి.’ కోశాధికారి పేరు గానీ, ఆరోపణ గానీ అందులో మళ్లీ రాయకూడదు.

చాలామంది అడ్మిన్లు ఇక్కడే జారిపడతారు. ‘ఇందులో నిజమెంత? జవాబు చెప్పండి’ అని ఆ సందేశాన్నే ఎత్తి చూపుతూ గ్రూపులో అడుగుతారు. ఉద్దేశం న్యాయమైనదే కావచ్చు. కానీ చూడనివారికి నిందను తానే చూపించాడు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని ఒక్క మాట కలిపితే ఆ నిందను తనది చేసుకున్నట్లే.

ఆరోపణ నిజమే అయితే? సివిల్ దావాలో నిజం పూర్తి రక్షణ. కానీ నిజమని రుజువు చేయవలసింది ప్రతివాది. రసీదులు, బ్యాంకు పత్రాలు చేతిలో లేని అడ్మిన్ మరొకరి ఆరోపణను తన గ్రూపులో నిలిపి, ఆ బరువు తలకెత్తుకోనక్కరలేదు. పత్రాలు ఉన్న సభ్యుడు కమిటీ ముందుకు వెళ్లే దారి ఎలాగూ ఉంది.

నిందకు గురైన మనిషికీ గడువు ఉంది. కాలపరిమితి చట్టం 1963 ప్రకారం రాతపూర్వక పరువునష్టానికి ప్రచురణ జరిగిన నాటి నుంచి ఒక్క సంవత్సరం లోపల దావా వేయాలి. దావా వేస్తే, తొలగింపు ఎప్పుడు జరిగిందన్నదే అడ్మిన్‌కు ప్రాణం. కాబట్టి స్క్రీన్ షాట్‌ను, కోశాధికారితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలను ఆ ఏడాది పొడవునా, ఫోను మార్చినా సరే, వేరేచోట కూడా భద్రపరచండి. అడ్మిన్ పదవి వదులుకోవాలనుకునేవారు ముందుగా ఇష్టపడి ఒప్పుకున్న మరొకరిని అడ్మిన్‌గా చేసి, ఆ తేదీని గ్రూపులో రాసి, తర్వాతనే బయటికి రండి. ఊరికే వెళ్లిపోతే, రాజ్‌గఢ్‌లో జరిగినట్లే, ఆ బాధ్యత అడగని మనిషి మీదికి దానంతట అదే వెళుతుంది.