స్లావుల లిపి – రెండు పీఠముల పోటీ

క్రీస్తుశకము 862 ప్రాంతమున మొరావియా ప్రభువు రాస్తిస్లావు కాన్‌స్టాంటినోపిలు చక్రవర్తియగు మూడవ మైఖేలునకు ఒక విన్నపము పంపెను. మొరావియా నేటి చెక్ దేశపు తూర్పుభాగము. తన ప్రజలు క్రైస్తవులైరి గాని, తమ భాషలో ఆ మతమును బోధించు గురువు వారికి లేడని ఆ విన్నపపు సారాంశము. అచ్చట బోధించుచున్నవారు జర్మను గురువులు. వారు రోము పక్షమువారు. ఆరాధన లాటినులో జరిపెడివారు. వారి వెనుక జర్మను రాజు బలము కలదు. కావున రాస్తిస్లావు కోరినది గురువునే కాదు, స్వాతంత్ర్యమును కూడ నని మనము గ్రహింపవచ్చును.

చక్రవర్తి థెస్సలొనీకి నగరమున జన్మించిన కాన్‌స్టాంటైను, మెథోడియసు అను సోదరులను పంపెను. ఆ నగర పరిసరములలో స్లావులు నివసించుటచే సోదరులకు వారి భాష తెలియును. కాని చ, ష వంటి ధ్వనులకు గ్రీకులో అక్షరములు లేవు. కాన్‌స్టాంటైను స్లావుల ధ్వనులకు తగినట్లు సుమారు 40 అక్షరముల క్రొత్త లిపిని కల్పించెను. దానిని గ్లగోలితిక లిపి యందురు. సువార్తలును పూజావిధులును ఆ లిపిలోనికి వచ్చెను.

867లో వెనిసునందలి మతాచార్యులు సోదరుల నాక్షేపించిరి. హీబ్రూ, గ్రీకు, లాటిను తప్ప వేరొక భాషలో దేవుని స్తుతింపరాదని వారి వాదము. ఆర్మీనియనులు మున్నగువారు తమ భాషలలోనే స్తుతించుచున్నారు కదా యని కాన్‌స్టాంటైను బదులు చెప్పెను. పిమ్మట రోములో పోపు రెండవ ఏడ్రియను ఆ గ్రంథముల నామోదించెను. దీనికి కారణము లేకపోలేదు. బల్గేరియా ఎవరి అధీనమున నుండవలెనని రోమునకును కాన్‌స్టాంటినోపిలునకును వివాదము నడచుచుండెను. అట్టి వేళ స్లావుల గురువులు తన పక్షమున నుండుట పోపునకు లాభమే.

కాన్‌స్టాంటైను సన్యసించి సిరిలు అను పేరు గైకొని, 869లో రోముననే మరణించెను. మెథోడియసు ఆర్చిబిషప్పయ్యెను గాని, బవేరియా బిషప్పులు ఆయనను చెరపట్టిరి. 873లో పోపు ఎనిమిదవ జాను విడిపించెను. 880లో స్లావు ఆరాధనను ఆ పోపు మరల అంగీకరించెను. అయితే సువార్తను ముందు లాటినులో చదివి, పిదప స్లావులో చదువవలెనని విధించెను. 885లో మెథోడియసు గతించినంతనే క్రొత్త పోపు ఆ ఆరాధనను నిషేధించెను. శిష్యులు మొరావియానుండి వెడలగొట్టబడిరి.

వారిలో క్లెమెంటు, నౌము మున్నగువారిని బల్గేరియా ప్రభువు బోరిసు ఆదరించెను. ఆయన 870లో కాన్‌స్టాంటినోపిలు పక్షమున చేరినవాడే. అయినను గ్రీకు గురువులపై ఆధారపడుట ఆయన కిష్టములేదు. స్వభాషలో శిక్షణ పొందిన గురువులు ఆయనకు కావలసివచ్చిరి. ఆ రాజ్యముననే మరియొక లిపి పుట్టినది. అందు గ్రీకు అక్షరములే ముఖ్యము. గ్రీకులో లేని ధ్వనులకు గ్లగోలితిక రూపములు సాయపడినవి. దానికి సిరిలిక లిపి యని పేరు వచ్చినను సిరిలు కల్పించినది అది కాదు. నేటి రష్యను పుస్తకమునందు అడ్డుగీతపై మూడు నిలువుగీతలతో నున్న షకారమును చూచిన, అతని లిపి జాడ మనకు కానవచ్చును.