ఆఫర్లు 8, చేరినవాళ్లు 10: వారం వారం రిక్రూట్‌మెంట్ రిపోర్టు ఎలా చదవాలి?

పోయినసారి వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, మా ఆఫీసులో ప్రతి సోమవారం హెచ్‌ఆర్ రిపోర్టు పంపమంటారు. ఎంతమంది అప్లై చేశారు, ఎంతమంది ఇంటర్వ్యూకి వచ్చారు, ఎంతమందికి ఆఫర్ ఇచ్చాం, ఎంతమంది చేరారు, ఇవన్నీ రాసి పంపుతాం. పంపాక దాంతో ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు" అని. ఈ రోజు ఆ రిపోర్టు గురించే మాట్లాడుకుందాం.

మాది గరిడేపల్లి. కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద, హుజూర్‌నగర్ దాటాక వస్తుంది. ఒక పక్క మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఇంకో పక్క మిర్యాలగూడ రైసు మిల్లులు, మధ్యలో సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలు. మా దగ్గర ఒక మనిషిని పనిలోకి తీసుకోవాలంటే ఆ ఫ్యాక్టరీతో, ఆ మిల్లుతో, ఆ పొలంతో పోటీ పడాలి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముందుగా నా తప్పు ఒకటి చెప్తాను. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట ఈ రిపోర్టు నేనే తయారు చేసేవాణ్ని. ఒక సోమవారం సాయంత్రం ఊళ్లో టీ కొట్టు దగ్గర ఉంటే, తెలిసిన పెద్దాయన ఒకాయన వచ్చి అడిగాడు. "ఏం బిడ్డా, మావోనికి ఉద్యోగం వచ్చిందన్నరు గద, కాయితమేది?" అని. వాళ్ల అబ్బాయి ఐటీఐ ఫిట్టర్. సెలెక్ట్ చేశామని మేము నోటిమాటగా చెప్పి 9 రోజులైంది. ఆఫర్ లెటర్ సంతకం కోసం టేబుల్ మీదే ఉండిపోయింది. నా రిపోర్టులో మాత్రం ఆ వారం అంతా బ్రహ్మాండంగా ఉంది. ఆఫర్ల కంటే చేరినవాళ్లే ఎక్కువ! మేనేజరు గారు శభాష్ అన్నారు. ఆ అబ్బాయి ఇంకో చోట చేరిపోయాడు. అట్లా పోయినవాడు నా లెక్కలో ఎక్కడా కనపడలేదు.

ఎందుకు కనపడలేదో ఇప్పుడు చూద్దాం. ఇక్కడి నుంచి చెప్పే అంకెలన్నీ అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ కంపెనీవీ కావు.

ఒక వారం రిపోర్టు ఇట్లా ఉందనుకోండి. అప్లికేషన్లు 60, ఇంటర్వ్యూలు 20, ఆఫర్లు 8, చేరినవాళ్లు 10. ఆఫర్ ఇచ్చినవాళ్లలో ఎంతమంది చేరారు అని శాతం వేస్తే 125 వస్తుంది. 8 మందికి ఆఫర్ ఇస్తే 10 మంది ఎట్లా చేరతారు? కూడికలో తప్పేం లేదు. ఈ వారం చేరిన 10 మంది ఈ వారం ఆఫర్ తీసుకున్నవాళ్లు కాదు, రెండు మూడు వారాల కింద తీసుకున్నవాళ్లు. ఇవాళ అప్లై చేసిన 60 మంది ఇంటర్వ్యూకి వచ్చేది వచ్చే వారం. అంటే ఒకే వరసలో నాలుగు వేరు వేరు గుంపుల మనుషుల్ని పక్కపక్కన పెట్టి ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తున్నాం. ఈ రోజు నారు పోసిన మడిని, ఈ రోజు కోసిన మడిని పక్కన పెట్టి దిగుబడి లెక్క కట్టినట్టు.

సరిచేసే పద్ధతి సులువే. మనిషిని అప్లై చేసిన వారానికి కట్టెయ్యండి. ఒకటో వారంలో అప్లై చేసినవాళ్లు ఎప్పుడు ఇంటర్వ్యూకి వచ్చినా, ఎప్పుడు చేరినా, ఒకటో వారం లెక్కలోనే పడాలి. దీనికి షీటులో ఒక మనిషికి ఒక వరస. ఎ కాలమ్‌లో ఫోన్ నంబరు, బి లో ఉద్యోగం, సి లో అప్లై చేసిన వారం, డి లో ఇంటర్వ్యూకి వచ్చిన తేదీ, ఇ లో ఆఫర్ లెటర్ చేతికిచ్చిన తేదీ, ఎఫ్ లో చేరిన తేదీ, జి లో ఆగిపోయిన కారణం. ఒకటో వారం ఫిట్టర్లలో ఎంతమంది చేరారో కావాలంటే ఈ ఫార్ములా చాలు, స్క్రీన్ మీద చూడండి:

```
=COUNTIFS(B:B,"ఫిట్టర్",C:C,1,F:F,"<>")
```

ఎఫ్ కి బదులు డి పెడితే ఇంటర్వ్యూలు, ఇ పెడితే ఆఫర్లు వస్తాయి. రెండు జాగ్రత్తలు. ఫోన్ నంబరు ఒకసారే ఉండాలి. ఒకే అబ్బాయి జాబ్ మేళాలో పేరు రాసిస్తాడు, వాట్సాప్‌లో పంపుతాడు, మేనమామతో కూడా చెప్పిస్తాడు. మూడు అప్లికేషన్లు కావవి, ఒక్కటే. ఇక రెండోది, ఇంటర్వ్యూ తేదీ అంటే మనం పిలిచిన తేదీ కాదు, మనిషి వచ్చిన తేదీ. అట్లాగే ఆఫర్ తేదీ అంటే కాగితం చేతికి అందిన తేదీ. నేను నోటిమాట తేదీ రాసేవాణ్ని, అందుకే ఆ 9 రోజులు నాకు కనపడలేదు.

ఇప్పుడు ఒకటో వారం గుంపును ఆరు వారాల తర్వాత తెరిచి చూశామనుకోండి. అప్లై చేసినవాళ్లు 80, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు 32, ఆఫర్లు 16, చేరినవాళ్లు 8. మొదటి మెట్టులో 48 మంది, రెండో మెట్టులో 16 మంది, మూడో మెట్టులో 8 మంది రాలిపోయారు. ఇట్లా మొత్తంగా చూస్తే ఎవరైనా ఏమంటారు? "మొదట్లోనే ఎక్కువమంది పోతున్నారు, ఇంకో రెండు వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటన వేయండి" అంటారు.

ఆగండి. ఉద్యోగం వారీగా విడదీద్దాం. ప్యాకింగ్ హెల్పర్లు: 50 మంది అప్లై చేశారు, 16 మంది వచ్చారు, 10 ఆఫర్లు, 6 గురు చేరారు. ఫిట్టర్లు: 18 మంది అప్లై చేశారు, 12 మంది వచ్చారు, 5 ఆఫర్లు, చేరింది ఒక్కడు. వేబ్రిడ్జి ఆపరేటర్లు, అదే మనం కాటా అంటాం: 12, 4, 1, 1.

చూశారా, రెండూ పూర్తిగా వేరే జబ్బులు. హెల్పర్ల దగ్గర ఆఫర్ తీసుకున్న 10 మందిలో 6 గురు చేరారు. వాళ్ల ఇబ్బంది అంతా మొదటి మెట్టులో, 50 మందిలో 34 మంది ఇంటర్వ్యూకే రాలేదు. ఫిట్టర్లు ఇంటర్వ్యూకి బాగానే వస్తున్నారు, ఆఫర్ ఇచ్చాక పోతున్నారు. మొత్తం లెక్కలో హెల్పర్లే ఎక్కువ కాబట్టి ఫిట్టర్ల గోల వాళ్ల కింద కప్పబడిపోయింది. ఫిట్టర్ ప్రకటన ఇంకో పది గ్రూపుల్లో వేసినా ఉపయోగం లేదు.

ఇప్పుడు జి కాలమ్, కారణం. రాలిపోవడంలో రెండు రకాలున్నాయి. మనం వద్దన్నది ఒకటి, వాళ్లు వద్దనుకున్నది ఒకటి. ఈ రెండూ కలిపి రాస్తే రిపోర్టు పనికిరాదు. హెల్పర్లలో పోయిన ఆ 34 మందిని విడదీస్తే, ఫోన్ ఎత్తనివాళ్లు 14, వస్తానని రానివాళ్లు 11, వయసో కాగితాలో సరిపోక మనం ఆపినవాళ్లు 9 అనుకోండి. అంటే 25 మందిని మనం వద్దనలేదు. మరి ఫోన్ ఎందుకు ఎత్తలేదు? మనం ఫోన్ చేసింది పొద్దున 11 గంటలకు. అప్పుడు వాళ్లు పొలంలోనో, వేరే కూలి పనిలోనో ఉంటారు. రాత్రి 7 దాటాక చేసి చూడండి, ఆ వారం గుంపులో తేడా వస్తుందో లేదో షీటే చెప్తుంది. వస్తానని రానివాళ్లను ఇంకోటి అడగాలి, ఆ టైముకి బస్సుందా అని. మా పక్క ఊళ్ల నుంచి 9 గంటలకు ఇంటర్వ్యూకి రమ్మంటే కొందరికి ఆటోనే దిక్కు.

ఫిట్టర్ల దగ్గర నలుగురు పోయారు. ఇద్దరు లెటర్ ఆలస్యమై వేరే చోట చేరారు. ఒకరికి ఉన్న కంపెనీలోనే జీతం పెంచారు. నాలుగో అబ్బాయి జీతం కాగితం చూసి మానేశాడు. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఇది చాలా చోట్ల జరుగుతుంది.

ఇంటర్వ్యూలో "నీకు పదిహేడున్నర వేలు" అన్నారు. అది కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. అసలు జీతం 15,000, అంతా బేసిక్, డీఏ అనుకుందాం. పీఎఫ్ కింద కంపెనీ కట్టేది 12 శాతం, 1,800. దాని మీద ఇన్సూరెన్సు, నిర్వహణ ఖర్చు కలిపి ఒక శాతం, 150. ఈఎస్‌ఐ వర్తించే చోట కంపెనీ వాటా 3.25 శాతం, 488. అన్నీ కలిపితే 17,438. ఇక అబ్బాయి వైపు చూడండి. 15,000 లో పీఎఫ్ 1,800 పోతుంది, ఈఎస్‌ఐ 0.75 శాతం, 113 పోతుంది. చేతికి వచ్చేది 13,087. పదిహేడున్నర అని విని ఇంట్లో చెప్పుకున్నవాడికి పదమూడు వేలు కనపడితే ఏమనిపిస్తుంది? మోసం అనిపిస్తుంది. పీఎఫ్ వాడి డబ్బే, ఎక్కడికీ పోదు. కానీ అది మొదటి రోజే చెప్పాలి. ఇంటర్వ్యూలోనే "చేతికి 13,087, పీఎఫ్‌లో జమ ఇంత" అని కాగితం మీద రాసి చూపిస్తే, ఇష్టం లేనివాడు అక్కడే వద్దంటాడు. ఆఫర్ల సంఖ్య తగ్గుతుంది, అయినా సరే, చేరేవాళ్ల మీద భరోసా ఉంటుంది. ఆఫర్ తర్వాత కనపడే నష్టానికి మూలం చాలాసార్లు దానికి ముందు మెట్టులోనే ఉంటుంది.

ఇక ఈ లెక్కకున్న హద్దులు. మొదటిది, కొత్త వారాల గుంపులు ఎప్పుడూ పాతవాటికంటే అన్యాయంగా కనపడతాయి, ఎందుకంటే వాళ్ల ప్రయాణం ఇంకా పూర్తి కాలేదు. పోయిన వారం అప్లై చేసినవాళ్లలో చేరినవాళ్లు సున్నా అని కంగారు పడకండి. అందుకే "ఇంకా నడుస్తున్నవాళ్లు" అని విడిగా ఒక అంకె రాయండి. హెల్పర్ గుంపు మూడు వారాల్లో తేలిపోవచ్చు. వేరే చోట పనిచేస్తున్న ఫిట్టరు నెల రోజులు నోటీసు ఇచ్చి రావాలంటే, ఆ గుంపును ఆరు వారాల దాకా మూయకూడదు.

రెండోది, 5 ఆఫర్లలో ఒక్కడు చేరాడంటే 20 శాతం. ఇంకొక్కడు చేరితే 40 శాతం. ఒక్క మనిషితో శాతం రెట్టింపైంది. అందుకని చిన్న ఉద్యోగాలకు శాతాలు రాయకండి, 5 లో 1 అని రాయండి. నాలుగు వారాల గుంపులు కలిపి చూశాకే మాట్లాడండి.

మూడోది మన ప్రాంతానిది. కాలువకి నీళ్లొచ్చి నాట్లు పడే రోజుల్లో, తర్వాత కోతల్లో, హెల్పర్లు తగ్గుతారు. అది మీ హెచ్‌ఆర్ తప్పు కాదు. ఆ వారాన్ని పోయిన నెలతో పోల్చకుండా, పోయిన ఏడాది అదే పనుల రోజులతో పోల్చండి.

చివరగా, సోమవారం రిపోర్టులో నేనిప్పుడు మొదట రాసే వరస వేరే ఉంది. "సెలెక్ట్ అయి లెటర్ అందనివాళ్లు: ఇంతమంది, అందరికంటే ఎక్కువ రోజులుగా ఎదురుచూస్తున్నవాళ్లు: ఇన్ని రోజులు." అది 3 దాటితే మేనేజరు టేబుల్ దగ్గరికి నేనే పోతాను. టీ కొట్టు దగ్గర ఆ పెద్దాయనకు జవాబు చెప్పలేక తలొంచుకున్న రోజు నుంచి ఈ అలవాటు.

మీ షీటులో ఏ ఉద్యోగం ఏ మెట్టు దగ్గర రాలిపోతోందో చూసి కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో, చేరిన మొదటి నెలలోనే మానేసేవాళ్ల లెక్క చూద్దాం. ఉంటానండీ, నమస్తే.