ఇంటర్వ్యూలో పెళ్లి, పిల్లల మాట

రామంతాపూర్‌లో ఉంటూ నాచారం పారిశ్రామికవాడలో కొత్తగా మేనేజరైన ఒకరి సందేహాలు ఇవి.

“పెళ్లయిందా అని అడగడం నేరమా?”

ఆ ప్రశ్నను పేరుపెట్టి నిషేధించిన చట్టం లేదు. కానీ నియామకాల్లో స్త్రీ, పురుష వివక్ష చూపకూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా చెబుతోంది. ఆడవాళ్లనే అడిగి, ఆ జవాబు చూసి కాదంటే అది వివక్షే.

“దరఖాస్తులో గర్భం గురించి అడగవచ్చా?”

ఎల్‌ఐసీ అలాగే అడిగింది. నెలసరి, గర్భం వివరాలు తప్పుగా రాశారని ప్రొబేషన్‌లో ఉన్న నీరా మాథుర్‌ను తొలగించింది. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అలాంటి ప్రశ్నలు స్త్రీల గౌరవానికి భంగమంటూ ఆ గడులను తీసేయమంది.

“రాత్రి షిఫ్టుకు వస్తారో లేదో ఎలా తెలుస్తుంది?”

పని గురించే అడగండి: “నెలలో ఒక వారం రాత్రి షిఫ్టు ఉంటుంది, రాగలరా?” మగవాళ్లనూ అదే మాటల్లో అడగండి.

“పిల్లల సంగతి అభ్యర్థే చెబితే?”

వినండి, తరచి అడగకండి. మార్కుల కాగితం మీద రాయకండి.