పదిహేడేళ్ల సంతకం: మైనరు ఒప్పందం ఎందుకు చెల్లదు?

(టేకులపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)

ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు ఏ లెక్క చెప్పినా జవాబుకంటే ముందు దారి చూపించమనేవారు. ఈరోజు నేనూ అదే చేస్తాను. మైనరు ఒప్పందం చెల్లదన్న జవాబు మొదటి సంవత్సరం లా విద్యార్థులైన మీకందరికీ తెలుసు. ఆ జవాబుకు చేరిన దారే చాలామంది పరీక్షలో రాయరు.

1872 భారత కాంట్రాక్టు చట్టం తెరవండి. ఒప్పందం కాంట్రాక్టు కావాలంటే అర్హత ఉన్నవారు చేసుకోవాలని 10వ సెక్షను అంటుంది. మేజరు అయినవాడు, మతిస్థిమితం ఉన్నవాడు, తనకు వర్తించే ఏ చట్టమూ అనర్హుడని చెప్పనివాడు అర్హులని 11వ సెక్షను చెబుతుంది. మేజారిటీ వయసు ఎంతో 1875 నాటి మరో చట్టంలో ఉంది: పద్దెనిమిది. సరే, అర్హత లేనివాడు సంతకం పెడితే ఏమవుతుంది? ఆ మాట ఈ రెండు సెక్షన్లలో లేదు. బలవంతంగా గానీ మోసంతో గానీ ఒప్పించిన సందర్భంలో, అలా ఒప్పుకున్నవాడు తన ఇష్టప్రకారం రద్దు చేసుకోవచ్చని, అంటే ఒప్పందం వాయిడబుల్ అని, 19వ సెక్షను విప్పి చెప్పింది. మైనరు విషయంలో అలాంటి వాక్యం లేదు. అందుకే ముప్పై ఏళ్లపాటు ఇక్కడి కోర్టులు చాలావరకు ఇంగ్లండు పద్ధతి చూసి, మైనరు ఒప్పందమూ వాయిడబులే అనుకుంటూ వచ్చాయి. ఆ అలవాటు 1903 మార్చి 4న లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ తీర్పుతో ఆగిపోయింది.

కేసు పేరు మోహరీ బీబీ వర్సెస్ ధర్మోదాస్ ఘోష్. ఊరు కలకత్తా. ధర్మోదాస్‌కు ఇళ్లున్నాయి, చేతిలో డబ్బు లేదు. హైకోర్టు నియమించిన గార్డియన్ అతని తల్లి. కోర్టు గార్డియన్ ఉన్నవాడికి అప్పట్లో మైనారిటీ పద్దెనిమిదితో కాక ఇరవై ఒకటితో పోయేది. (ఈ తేడాను 1999 సవరణ తీసేసింది. పాత గైడ్లలో ఇంకా ఉంటుంది, జాగ్రత్త.) వడ్డీవ్యాపారి బ్రహ్మో దత్ ఊళ్లో లేడు. అతని తరఫున కేదార్‌నాథ్ వ్యవహారం నడిపాడు. 1895 జులై 15న తల్లి తరఫు అటార్నీ కేదార్‌నాథ్‌కు ఉత్తరం రాశాడు. ధర్మోదాస్‌కు ఇరవై ఒకటి నిండలేదు, అతనికి అప్పిచ్చేవారు నష్టపోతే బాధ్యత వారిదే అని దాని సారాంశం. ఐదు రోజులు తిరగకుండానే, జులై 20న, తనఖా పత్రం రాయించారు. ఇరవై వేల రూపాయలు, నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీ. దాంతోపాటు తాను మేజరునేనని, ఆ మాట నమ్మే డబ్బిస్తున్నారని ధర్మోదాస్ చేత ఒక ప్రకటన మీద కూడా సంతకం పెట్టించారు. అసలు ఎంత డబ్బు చేతులు మారిందన్నదీ వివాదమే. ఇచ్చామని అప్పిచ్చినవారు చెప్పుకున్నది పది వేల ఐదు వందలే.

సెప్టెంబరులో తల్లి కొడుకు తరఫున దావా వేసి, పత్రం చెల్లదని ప్రకటించి రద్దు చేయమంది. కింది కోర్టులోను, అప్పీలులోను గెలిచింది. బ్రహ్మో దత్ చనిపోగా, ప్రీవీ కౌన్సిల్‌లో అప్పీలును అతని తరఫువారు నడిపారు. అప్పిచ్చినవారి పక్షాన మూడు వాదనలు వచ్చాయి. మొదటిది, మేజరునని సంతకం పెట్టినవాడు ఇప్పుడు మాట మార్చకూడదు. రెండోది, ఇది వాయిడబుల్ మాత్రమే, కాబట్టి రద్దు చేసుకునేవాడు 64వ సెక్షను కింద పుచ్చుకున్నది తిరిగివ్వాలి. మూడోది, పోనీ వాయిడే అనుకున్నా, 65వ సెక్షను కింద తిరిగివ్వాలి.

మొదటిది నిలవలేదు. కేదార్‌నాథ్‌కు ఉత్తరం అందిందని, నిజం తెలిసే రాయించాడని కోర్టులు తేల్చాయి. నిజం తెలిసినవాడు మోసపోయానని ఎలా అంటాడు? (ఆ తరవాత మన కోర్టులు ఇంకో మెట్టెక్కి, మైనరు నిజంగానే వయసు దాచి నమ్మించినా సరే, చట్టం ఇచ్చిన రక్షణను ఎస్టాపెల్ పేరుతో లాక్కోకూడదన్నాయి.)

మిగతా రెండు వాదనలే ఈ కేసుకు గుండెకాయ. 10, 11 సెక్షన్లు కలిపి చదివితే మైనరుకు కాంట్రాక్టు చేసే శక్తే లేదని ప్రీవీ కౌన్సిల్ అంది. శక్తి లేనివాడి ఒప్పందం పుట్టుకతోనే వాయిడ్. దానికి ఊతంగా 68వ సెక్షనును చూపించింది. తిండి, బట్ట వంటి అవసరాలు మైనరుకు సమకూర్చినవాడు కూడా అతని ఆస్తి నుంచి రాబట్టుకోవాల్సిందే తప్ప అతని మీద వ్యక్తిగత బాధ్యత పెట్టలేడు. అన్నం పెట్టినవాడికే లేని హక్కు అప్పు పెట్టినవాడికి ఎక్కడిది? ఇక 64, 65 రెండూ అర్హులైన ఇద్దరి మధ్య కాంట్రాక్టు పుట్టి, ఆపైన చెడిపోయిన సందర్భానికి. అసలు పుట్టనిదానికి అవి అంటవు. తిరిగివ్వమనే అధికారం పాత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద కోర్టుకు ఉన్నా, తెలిసి అప్పిచ్చినవాడి కోసం వాడాల్సిన పని లేదంది.

వాయిడ్, వాయిడబుల్ తేడా ఇక్కడే పరీక్ష పెడుతుంది. వాయిడబుల్ అయితే రద్దు చేసేదాకా అది బతికే ఉంటుంది. మేజరయ్యాక సరేనని ఒప్పుకుంటే గట్టిపడుతుంది. వాయిడ్‌ను ఒప్పుకోవడానికి అక్కడ ఏమీ లేదు. అందుకే మైనారిటీలో తీసుకున్న అప్పుకు పద్దెనిమిది నిండాక కొత్త ప్రాంసరీ నోటు రాసినా చెల్లదు, ఎందుకంటే మైనారిటీ నాటి డబ్బు ఆ కొత్త నోటుకు ప్రతిఫలం కాదు. కొత్తగా ఇంకొంత డబ్బు ఇస్తే వేరే మాట.

ఈ తీర్పు మరీ కఠినమని నేనూ అనుకుంటాను. దాని పదును మొదట లాహోర్‌లో తగ్గింది. 1928లో ఖాన్ గుల్ కేసులో, వయసు దాచి భూమి అమ్ముతానని 17,500 రూపాయలు పుచ్చుకుని భూమి ఇవ్వనన్న మైనరును డబ్బు కక్కమంది లాహోర్ హైకోర్టు. కాంట్రాక్టును అమలు చేస్తున్నట్టు కాదు, లేని కాంట్రాక్టుకు ముందున్న స్థితికి ఇద్దరినీ తెస్తున్నట్టు అని దాని తర్కం. 1937లో అలహాబాద్ దాన్ని కాదంది. చివరికి 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 33వ సెక్షనులో పార్లమెంటు మధ్యేమార్గం పట్టింది. మైనరు ప్రతివాదిగా నిలబడి, నాకు అర్హత లేదు కాబట్టి ఒప్పందం చెల్లదని వాదిస్తే, అతనికి గానీ అతని ఆస్తికి గానీ ఎంత మేలు జరిగిందో అంతవరకు తిరిగివ్వమని కోర్టు చెప్పవచ్చు. 'చెప్పవచ్చు' అన్న మాట కింద గీత గీసుకోండి. 1903తో ఆపేసి ఈ సెక్షను రాయని జవాబు సగం జవాబే.

ఇప్పుడు మన నేల మీదికి రండి. ఊహించి చెబుతున్న ప్రశ్న ఇది. తండ్రి లేని పదిహేడేళ్ల కుర్రాడు, మూడెకరాల పత్తి చేను. ఎరువుల దుకాణంలో ఇరవై ఐదు వేల రూపాయల విత్తనాలు, మందుకట్టలు ఉద్దెర తెచ్చాడు. బండి కొనడానికి అదే దుకాణదారు దగ్గర పదిహేను వేలు చేబదులు తీసుకున్నాడు. మొత్తం నలభై వేలకు నూటికి రెండు రూపాయల వడ్డీతో నోటు రాశాడు. పంట వచ్చాక దళారికి పత్తి తోలాడు, దళారి డబ్బు ఎగ్గొట్టాడు.

నోటు మీద దావా వేస్తే నిలవదు, వడ్డీ మాట అసలే నిలవదు. కానీ విత్తనాలు, మందుకట్టలు వేరు. చేనే జీవనాధారమైన కుర్రాడికి అవి అతని స్థితికి తగిన అవసరాలని 68వ సెక్షను కింద వాదించడానికి బలం ఉంది. అది నెగ్గినా దుకాణదారుకు వచ్చేది సరుకు న్యాయమైన విలువ, అదీ కుర్రాడి ఆస్తి నుంచి. అతని మీద వ్యక్తిగత డిక్రీ రాదు. చేబదులుకు ఆ అండ లేదు. అక్కడ మిగిలింది 33వ సెక్షనే. బండి ఇంటి ముందు ఉంటే అది ఆస్తికి కలిగిన మేలని అడగవచ్చు; డబ్బు జాతరలో ఖర్చయిపోతే అడగడానికి ఏముంది?

దళారి మాటేమిటి? ఆ కుర్రాడు మైనరు, ఒప్పందం వాయిడ్, నేను ఇవ్వక్కర్లేదు అంటాడు. ఇది తప్పు. మైనరు తన వంతు పూర్తిగా ముగించి, ఇక రావలసిందే మిగిలినప్పుడు, అతను అమలు చేయించుకోవచ్చు. 1916లో రాఘవాచారియర్ కేసులో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్, మైనరు మొత్తం డబ్బు ఇచ్చి రాయించుకున్న తనఖా చెల్లుతుందంది. తన మీద బాధ్యత వేసుకోలేడు గానీ తనకు రావలసినది పుచ్చుకోవచ్చు. పత్తి తోలడంతో కుర్రాడి పని అయిపోయింది కాబట్టి దళారి ఇచ్చి తీరాలి.

మరి 'వాయిడబుల్' అన్న మాట ఎక్కడ పనికొస్తుంది? సంతకం కుర్రాడిది కాకుండా గార్డియన్‌ది అయినప్పుడు. తెలుగునాట నుంచి ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లిన కేసే ఇక్కడ దారి చూపుతుంది: శ్రీకాకుళం సుబ్రహ్మణ్యం వర్సెస్ కుర్రా సుబ్బారావు, 1948. తండ్రి అప్పులు తీర్చడానికి తల్లి గార్డియన్‌గా మైనరు భూమి అమ్ముతానని ఒప్పుకుని స్వాధీనం ఇచ్చింది. కొన్నవాడు అప్పులు తీర్చాడు. తరవాత మైనరు పేరున భూమి తిరిగి ఇవ్వమని దావా పడింది. గార్డియన్ తన అధికార పరిధిలో, మైనరు మేలు కోసం చేసిన ఒప్పందం మైనరును కట్టేస్తుందని, భూమి తిరిగి రాదని తీర్పు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షను ఆ అధికారానికి కంచె వేసింది. కోర్టు అనుమతి లేకుండా సహజ గార్డియన్ మైనరు స్థిరాస్తి అమ్మితే అది వాయిడబుల్. మేజరయ్యాక మూడేళ్లలో దాన్ని రద్దు చేసుకోవాలి. గడువు దాటితే అమ్మకం నిలుస్తుంది. (ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, వర్తించదు. కోయ, లంబాడా కుటుంబాల కేసు వస్తే ముందు ఇది చూసుకోండి.)

ఏజెన్సీ మండలమైన ఇక్కడ మాత్రం గార్డియన్ సంతకానికి ముందే అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. మీరంతా వన్ ఆఫ్ సెవెంటీ అనే నిబంధన ప్రకారం, ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనేతరుడికి బదిలీ చేస్తే అది వాయిడ్, అమ్మిన చెయ్యి పదిహేడేళ్లదైనా డెబ్బై ఏళ్లదైనా. తల్లి సంతకం పెట్టిందా, కోర్టు అనుమతి ఉందా, మూడేళ్లు దాటాయా అన్న లెక్కలు అప్పుడు అక్కరకు రావు. కాబట్టి జవాబుపత్రంలో భూమి సంగతి కనబడితే, అది ఏ ఊరి భూమో, కొన్నవాడెవరో అన్న వాక్యంతో మొదలుపెట్టండి.