రెండు బల్లలు తీసేస్తే

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న భోజన హోటల్ హాలు ఒకటి ఊహించుకోండి. మనిషికి 15 చదరపు అడుగుల లెక్కన 40 కుర్చీలు సరిపోతాయి. యజమాని ఆశకొద్దీ 48 వేశాడు. నడవ రెండున్నర అడుగులకు కుదించుకుపోయింది. వంటింటి గుమ్మం పక్కనే చేతులు కడిగే కుళాయి. సాంబారు బకెట్‌తో వచ్చే సర్వరూ, ఎంగిలి చేత్తో లేచినవారూ అక్కడే ఎదురుపడతారు. ఖాళీ కుర్చీ కోసం వచ్చినవారు తినేవాళ్ల వెనకే నిలబడతారు.

చిక్కు ఎక్కడుందో కనిపెట్టడం తేలికే: రద్దీ వేళ సర్వరు చేతిలో వడ్డనతో ఎక్కడ ఆగిపోతున్నాడో చూడండి.

మందు ఇదీ. నాలుగేసి కుర్చీల బల్లలు రెండు తీసేసి, నడవను నాలుగడుగులు చేయాలి. కుళాయిని బయటికెళ్లే దారివైపు మార్చాలి. వేచివుండేవారికి గల్లాపెట్టె పక్కన బెంచీ వేయాలి. ఎంగిలి పళ్లేలు వేరే గుమ్మం గుండా వెళ్లాలి.

మరి నష్టమా? 48 కుర్చీల్లో భోజనానికి 40 నిమిషాలు పడితే, రెండు గంటల్లో తినేది 144 మంది. 40 కుర్చీలే ఉన్నా, వడ్డన చురుకై అరగంటలో లేస్తే 160 మంది. అయితే తీరిగ్గా కూర్చుని కబుర్లాడే చోట ఈ లెక్క పనిచేయదు.