దుర్యోధనుడు పడేముందు మనమెందుకు నవ్వుతాం?

మన చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం చూసే ఉంటారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివర్లో దుర్యోధన వధ: నేలమీద పెద్ద మట్టిబొమ్మ, దాని తొడమీద భీముడి గద దెబ్బ, ఆపైన ద్రౌపది జుట్టు ముడేసుకోవడం.

రాత్రి నాటకంలో దుర్యోధనుడు దర్పంగా రాగానే హాస్యగాడు అడ్డం తగిలి, "ఎవురు సామీ నువ్వు, యా వూరు?" అంటాడు. జనం పడీపడీ నవ్వుతారు. ఇది నిద్ర ఆపడానికే అంటారు, కొంత నిజమే. కానీ ఆ నవ్వుల్లోనే రాజు మనకు తెలిసిన మనిషైపోతాడు. హాస్యం తీసేస్తే పడేది పురాణంలోని శత్రువు. ఉంచితే, రాత్రంతా మనల్ని నవ్వించినవాడు! అందుకే న్యాయం జరిగిందనిపిస్తూనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అయితే గద ఎత్తాక కూడా జోకులు వేస్తే ఆ బరువు నిలవదు. అక్కడ హాస్యగాడు పక్కకు తప్పుకోవాల్సిందే.