అండం వయసు, అమ్మ వయసు

2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన తూర్పుగోదావరి జిల్లా మహిళ కవలలకు జన్మనిచ్చిన సంగతి గుర్తుందా? ఆ అండాలు ఆవిడవి కావు, దాత ఇచ్చినవి. అసలు కిటుకు అక్కడే ఉంది. గర్భసంచి చాలాకాలం మాట వింటుంది. అండం వినదు.

ఆడపిల్ల తన అండాలన్నిటితోనే పుడుతుంది, కొత్తవి తయారుకావు. ముప్పై అయిదు దాటాక క్రోమోజోముల లెక్క తప్పిన అండాల శాతం వేగంగా పెరుగుతుంది. గర్భం నిలవకపోవడానికీ, నిలిచినా పోవడానికీ ఇదే ప్రధాన కారణం. ఏఎంహెచ్ రక్తపరీక్ష ఎన్ని అండాలు మిగిలాయో సూచిస్తుందే తప్ప, అవి ఎంత మంచివో చెప్పదు.

ఉక్కునగరంలో ఉండే 36 ఏళ్ల ఒకావిడ డాక్టరు దగ్గరికి వెళ్లిందనుకుందాం. ఏడు నెలలుగా ప్రయత్నిస్తోంది. ముప్పై అయిదు లోపైతే ఏడాది చూడమంటారు. ఈవిడకు ఆరు నెలలకే పరీక్షలు మొదలుపెడతారు. నలభై దాటితే వెంటనే.

"అమ్మా, ఇది సర్టిఫికెట్ వయసా, అసలు వయసా?" అని కూడా అడగాలి. మన బళ్లలో వేసిన పుట్టినతేదీల సంగతి తెలిసిందేగా! అండం అసలు వయసునే లెక్కపెడుతుంది. ముప్పైలో తీసి దాచిన అండం నలభైలో వాడినా ముప్పైదే. చట్టం మాత్రం కాగితం చూస్తుంది. 2021 నాటి చట్టం ప్రకారం ఐవీఎఫ్ వంటి చికిత్సలకు స్త్రీ వయసు 50 లోపు, పురుషుడిది 55 లోపు ఉండాలి.